ఎన్ని సెట్లు అమ్మితే షెడ్డు నిలుస్తుంది?

ఖర్జె హసనా కోసం మన సొసైటీకి వచ్చేవారు చాలామంది "నెలకు ఇంత అమ్ముతాను మాస్టారూ" అని ఉత్సాహంగా చెబుతారు. మేము అడిగేది ఇంకొకటి: "ఎంతకు తక్కువ అమ్మితే చేతిడబ్బు పడుతుంది?" అక్కడ ఆగిపోతారు. ఆ అంకెనే వాణిజ్యశాస్త్రంలో బ్రేక్ ఈవెన్ అంటారు. లాభమూ లేదు, నష్టమూ లేదు అనే గీత అది. ఐదో తరగతి భాగహారం వస్తే చాలు, దాన్ని కనుక్కోవచ్చు.

మనకు దగ్గరి పనినే ఉదాహరణగా తీసుకుందాం. ఉదయగిరి చెక్క చెంచాలు తెలియనివారు మన మండలంలో ఉండరు. దుర్గం కొండ నీడన ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా ఆడవాళ్లు, చేత్తో చెక్కే ఈ చెంచాలకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని పుట్టింట్లో నేర్చుకుని అనంతసాగరం కోడలిగా వచ్చిన ఒక చెల్లెలు ఇక్కడే చిన్న షెడ్డు పెట్టాలనుకుంది అనుకోండి. కర్ర తెచ్చి, మెషీన్ మీద ముక్కలు కోసి, చుట్టుపక్కల ఇళ్లలోని ఆడవాళ్లకు చెక్కడానికి ఇచ్చి, తిరిగి వచ్చినవాటిని నునుపు చేసి, ఐదేసి చెంచాల సెట్టుగా దుకాణాలకు వేయడం ఆమె ఆలోచన. ఇక్కడి అంకెలు లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్నవి. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి.

సెట్టు దుకాణానికి 150 రూపాయలకు వేస్తుంది. ఒక్కో సెట్టుకు కర్ర 30, చెక్కిన కూలి 60, గరుకు కాగితం, నూనె 6, ప్యాకెట్టు, బస్సు ఛార్జీ కలిసి 9. మొత్తం 105. సెట్టు చేస్తేనే ఈ ఖర్చు, చేయకపోతే లేదు. అందుకే వీటిని చర ఖర్చులు అంటారు. కర్ర దగ్గర ఒక జాగ్రత్త ఉంది. పచ్చికర్ర ఆరేటప్పుడు కొంత పగులుతుంది. కాబట్టి కొన్న కర్రను చేసిన సెట్లతో కాకుండా అమ్మకానికి పనికొచ్చిన సెట్లతో భాగించాలి. పైన వేసిన 30లో ఆ పగుళ్ల నష్టం కలిసే ఉంది.

150 నుంచి 105 తీసేస్తే 45 మిగులుతుంది. దీని పేరు కాంట్రిబ్యూషన్. ఇది లాభం కాదు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. సాయంత్రం పది సెట్లు పోయాయి, 450 మిగిలిందనుకుని ఇంటికి పావుకిలో ఎక్కువ మాంసం కొంటారు. ఆ 45 ముందుగా తీర్చవలసిన బాకీ ఒకటుంది. అవే స్థిర ఖర్చులు.

ఒక్క చెంచా చేయకపోయినా నెల తిరిగేసరికి నిలబడి ఉండేవి స్థిర ఖర్చులు. షెడ్డు అద్దె 2,500. ఫోను, కరెంటు కలిపి 400 (మెషీన్ తిరిగినకొద్దీ కరెంటు పెరుగుతుంది గాని, ఇంత చిన్న పనిలో దాన్ని విడదీయనక్కర్లేదు). మెషీన్ ఖరీదు 48,000, నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 1,000 అరుగుదల. మొత్తం 3,900. దీన్ని 45తో భాగిస్తే సుమారు 87 సెట్లు. "నెలకు 87 సెట్లేనా, పదిరోజుల్లో చేసేస్తాను" అంటుంది చెల్లెలు.

మరి నీ కూలి ఏది తల్లీ? పొద్దున్నుంచి మెషీన్ ముందు నిలబడేది, లెక్క రాసేది, ఆత్మకూరు దాకా మూట మోసేది ఎవరు? బయట ఆ పనే చేస్తే వచ్చే 6,000 అయినా వేసుకోవాలి. ఇంట్లోవాళ్ల చాకిరీకి వెల కట్టని లెక్క ఎప్పుడూ లాభమే చూపిస్తుంది. అది కలిపితే స్థిర ఖర్చు 9,900 అవుతుంది. 45తో భాగిస్తే 220 సెట్లు. అసలు గీత ఇది. 221వ సెట్టు నుంచి వచ్చే 45 మాత్రమే లాభం.

ఇప్పుడు 220 సెట్లు చేయగలమా అన్నది చూడాలి. ఇంటిపని చేసుకుంటూ ఒక మనిషి రోజుకు మూడు సెట్లు చెక్కుతుందనుకుందాం. ముగ్గురు ఉంటే నెలకు 24 పనిదినాల్లో 216. అంటే చేసినవన్నీ అమ్ముడుపోయినా నష్టమే. గిరాకీ బాగానే ఉంది, అందరూ కష్టపడుతున్నారు, అయినా డబ్బు నిలవడంలేదని బాధపడే చోట కారణం తరచుగా ఇంత చిన్నదే. నాలుగో మనిషి వస్తే 288 సెట్లు అవుతాయి.

తర్వాత దుకాణదారు వస్తాడు. "సెట్టుకు 15 తగ్గించమ్మా, ఎక్కువ తీసుకుంటాం" అంటాడు. ధరలో అది పదో వంతే. కానీ కర్రవాడు తగ్గించడు, కూలి తగ్గించడం మనకు ధర్మం కాదు. కాబట్టి ఆ 15 మొత్తం కాంట్రిబ్యూషన్‌లోంచే పోతుంది. 45 కాస్తా 30 అవుతుంది. 9,900ను 30తో భాగిస్తే 330. అంటే నలుగురు చెక్కే 288 కూడా చాలవు, ఐదో మనిషి కావాలి. అతను చెప్పే "ఎక్కువ" నెలకు ఇంకో 110 సెట్లకు తక్కువైతే ఆ బేరం వద్దు.

చివరి విషయం మన సొసైటీకి సంబంధించినది. మెషీన్ కోసం ఇచ్చే 48,000కు వడ్డీ లేదు కాబట్టి భారం లేదని మనవాళ్లు అనుకుంటారు. లెక్క ప్రకారం అసలు తిరిగి కట్టడం ఖర్చు కాదు, నిజమే. కానీ వాయిదా కట్టేది ఆ కాంట్రిబ్యూషన్ డబ్బుతోనే. కాబట్టి అప్పు తీరేదాకా ఇంకో గీత కూడా చూసుకోవాలి. అరుగుదల 1,000 చేతినుంచి పోయే డబ్బు కాదు గనక తీసేసి, దాని చోట వాయిదా వేయాలి. రెండేళ్ల గడువైతే నెలకు 2,000. అప్పుడు 10,900ను 45తో భాగిస్తే 243 సెట్లు. ఒక్క ఏడాదే గడువిస్తే వాయిదా 4,000. అప్పుడు 12,900కు 287 సెట్లు కావాలి. నలుగురు చెక్కేది 288. ఒక్క సెట్టు తేడా! ఆ నెలలో ఒకరికి జ్వరం వచ్చినా, ఒక దుకాణం అరువు పెట్టినా వాయిదా ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు మనం మనిషిని అనుమానించాం గాని, మనం పెట్టిన గడువును అనుమానించలేదు. అందరికీ ఒకే పన్నెండు నెలల పద్ధతి మార్చాలని మేము కమిటీలో అడుగుతున్నది ఇందుకే.

రెండేళ్ల గడువు ఇచ్చినా రంజాన్ నెల వేరే చూసుకోవాలి. ఉపవాసంలో రోజుకు మూడు బదులు రెండు సెట్లే అయితే నలుగురికి 192. వాటిమీద వచ్చేది 8,640, కావలసింది 10,900. తగ్గేది 2,260. మామూలు నెలలో నలుగురు 288 చేసి అన్నీ అమ్మితే, 243 పోగా మిగిలే 45 సెట్ల మీద 2,025 వస్తుంది. అంటే రంజాన్‌కు ముందు రెండు మంచి నెలల మిగులులోంచి ఈ 2,260 విడిగా తీసి పెట్టుకోవాలి. పండగ బట్టలు ఆ పైన మిగిలినదాంతో.