బ్యాంకులో డబ్బుంటే చాలదు

ఒక కంపెనీ పదేళ్ల కిందట ప్రిఫరెన్స్ షేర్లు అమ్మి పది లక్షల రూపాయలు తెచ్చుకుంది. ఇప్పుడు గడువు తీరింది, బ్యాంకులో పదకొండు లక్షలున్నాయి. చెక్కులు రాసి పంపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చట్టం ఒప్పుకోదు. ఆ సొమ్ము ఏ లెక్కలోంచి వస్తోందో ముందు చెప్పమంటుంది. అదే కంపెనీ డిబెంచర్ల మీద అప్పు తీర్చాలంటే మాత్రం ఈ నిలదీత ఉండదు. ఈ తేడా ఎందుకో పట్టుబడితే, కామర్స్ విద్యార్థులు బట్టీపట్టే రెండు అధ్యాయాలూ వాటంతటవే విడిపోతాయి.

ప్రిఫరెన్స్ షేరు కొన్నవాడు వాటాదారుడే కానీ అప్పిచ్చినవాడు కాదు. అతని డబ్బు కంపెనీ మూలధనంలో భాగం. సరుకిచ్చిన వ్యాపారులు, రుణమిచ్చిన బ్యాంకు ఈ మూలధనాన్ని చూసే ధైర్యం చేస్తారు, ఎందుకంటే కంపెనీ మునిగితే ముందు వాళ్ల బాకీలు తీరాకే వాటాదారులకు దక్కేది. మూలధనం గుట్టుగా వెనక్కి వెళ్లిపోతే నష్టపోయేది వాళ్లే. అందుకే 2013 కంపెనీల చట్టంలోని 55వ సెక్షన్ రెండే దారులు వదిలింది. డివిడెండుగా పంచగలిగిన లాభాల్లోంచి తీర్చాలి, లేదా ఇందుకోసమే కొత్త షేర్లు జారీ చేసి ఆ సొమ్ముతో తీర్చాలి. షేర్లు పూర్తిగా చెల్లించినవై ఉండాలి. బాకీ వాయిదాలుంటే ముందు అవి వసూలు చేసుకోవాల్సిందే. మామూలు కంపెనీకి గరిష్ఠ గడువు 20 ఏళ్లు.

మన కంపెనీనే తీసుకుందాం. ఈక్విటీ మూలధనం 20 లక్షలు, వంద రూపాయల ప్రిఫరెన్స్ షేర్లు పదివేలు, అంటే 10 లక్షలు. సాధారణ రిజర్వు 8 లక్షలు. ప్రిఫరెన్స్ వాటాదారులకు 5 శాతం ప్రీమియం కలిపి 10.5 లక్షలు ఇవ్వాలి. ఇందుకోసం పది రూపాయల ఈక్విటీ షేర్లు 40 వేలు ముఖవిలువకే జారీ చేశారు. బ్యాంకు ఖాతా 4 లక్షలు డెబిట్, ఈక్విటీ మూలధనం 4 లక్షలు క్రెడిట్. మూలధనంలో పోబోయే పది లక్షల్లో నాలుగు లక్షలకు ఇలా బదులు దొరికింది. మిగిలిన ఆరు లక్షలకు లాభాలే దిక్కు.

ఇక్కడే అసలు పద్దు వస్తుంది. సాధారణ రిజర్వును 6 లక్షలకు డెబిట్ చేసి, మూలధన విమోచన రిజర్వును 6 లక్షలకు క్రెడిట్ చేస్తారు. ఈ పద్దుతో బ్యాంకులోంచి ఒక్క పైసా కదలదు. కదిలింది లాభం పేరు మాత్రమే: నిన్నటిదాకా డివిడెండుగా పంచుకోగలిగిన ఆరు లక్షలు ఇకపై మూలధనంతో సమానంగా కట్టుబడి ఉంటాయి. ప్రీమియం 50 వేలు కూడా సాధారణ రిజర్వులోంచే పోతుంది, కానీ విమోచన రిజర్వులోకి ముఖవిలువ మేరకే మళ్లించాలి, ప్రీమియాన్ని కలపకూడదు. ఆ తర్వాత ప్రిఫరెన్స్ మూలధనం 10 లక్షలు, ప్రీమియం 50 వేలు డెబిట్ చేసి, వాటాదారుల ఖాతాకు 10.5 లక్షలు క్రెడిట్ ఇచ్చి, చివరికి బ్యాంకు ద్వారా చెల్లిస్తారు.

ఇప్పుడు కూడి చూడండి. ఇంతకుముందు మూలధనం 20, 10 కలిపి 30 లక్షలు. ఇప్పుడు ఈక్విటీ 24, విమోచన రిజర్వు 6, మళ్లీ 30 లక్షలే. అప్పులవాళ్లకు ఆసరా తరగలేదు. డైరెక్టర్లకు మాత్రం చేతులు బిగిశాయి. బ్యాంకులో 4.5 లక్షలు మిగిలినా, రిజర్వులో పంచడానికి ఉన్నది ఒకటిన్నర లక్షే.

పొరపాటు ఎక్కువగా జరిగేది కొత్త షేర్లను ఎక్కువ ధరకు అమ్మినప్పుడు. పది రూపాయల షేరును పన్నెండుకు అమ్మితే వచ్చే 4.8 లక్షల్లో 80 వేలు సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాకు పోతుంది. లెక్కల్లో మూలధనానికి బదులుగా చూపేది ముఖవిలువ 4 లక్షలనే. మొత్తం 4.8 లక్షలూ తీసేసి రిజర్వు 5.2 లక్షలే అని రాస్తే, పైన వేసిన కూడిక 30కి రాదు. తప్పు పట్టుకోవడానికి అంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

ఈ విమోచన రిజర్వును వాడుకోవడానికి చట్టం చూపిన దారి ఒకటే: వాటాదారులకు పూర్తిగా చెల్లించిన బోనస్ షేర్లు ఇవ్వడం. అప్పుడూ మూలధనం పేరు మారుతుందే తప్ప డబ్బు బయటికి పోదు.

డిబెంచర్ల కథ వేరు. డిబెంచరుదారుడు రుణదాత. అతని బాకీ తీరిస్తే మూలధనం తగ్గదు కాబట్టి మూలధనాన్ని కాపాడే చింత లేదు. భయమల్లా గడువు నాటికి చేతిలో డబ్బుంటుందా అన్నదే. సింకింగ్ ఫండ్ ఆ భయానికి మందు. ఇందులో ఏటా లాభంలో కొంత పక్కన పెట్టడమే కాదు, అంతే నగదును బయట పెట్టుబడి పెడతారు.

మూడేళ్లలో 10 లక్షలు తీర్చాలి, పెట్టుబడి మీద 5 శాతం వడ్డీ వస్తుందనుకుందాం. పట్టిక ప్రకారం ఏటా పెట్టాల్సింది 3,17,209 రూపాయలు. మొదటి ఏడాది చివర అంతే మొత్తం లాభనష్టాల ఖాతా నుంచి ఫండ్‌కు, బ్యాంకు నుంచి పెట్టుబడికి. రెండో ఏడాది వచ్చిన వడ్డీ 15,860 లాభనష్టాల ఖాతాకు పోకుండా ఫండ్‌కే జమవుతుంది. దానితో కలిపి 3,33,069 మళ్లీ పెట్టుబడి పెడితే మొత్తం 6,50,278 అయింది. మూడో ఏడాది వడ్డీ 32,514, వార్షిక వాటా 3,17,209 కూడా కలిస్తే ఫండ్ 10,00,001. ఆ ఒక్క రూపాయి పైసలు సర్దడంలో వచ్చింది. చివరి ఏడాది సొమ్మును పెట్టుబడి పెట్టరు, నాలుగు రోజుల్లో చెల్లించాల్సిన డబ్బది.

పెట్టుబడులు అమ్మితే 6,42,000 మాత్రమే వచ్చిందనుకోండి. తగ్గిన 8,278 నష్టాన్ని ఫండే భరిస్తుంది. ఆ కొరత నగదును బ్యాంకులోని మిగతా నిల్వ నుంచి సర్దుకోవాలి. డిబెంచరుదారులకు చెల్లించాక కూడా ఫండ్ ఖాతాలో 9,91,723 క్రెడిట్ నిల్వ అలాగే కనిపిస్తుంది. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. చెల్లింపుతో పోయినవి బ్యాంకు నిల్వ, డిబెంచర్ల బాకీ. ఫండ్ అంటే మూడేళ్లు దాచిన లాభం. అప్పు తీరాక దాన్ని కట్టేసి ఉంచే కారణం లేదు, అందుకే సాధారణ రిజర్వుకు బదిలీ చేస్తారు. విమోచన రిజర్వుకు ఈ విడుదల ఎప్పటికీ దొరకదు.

ఇప్పటి నిబంధనలు పాఠ్యపుస్తకం లెక్కంత పట్టుబట్టవు. 2019 ఆగస్టు సవరణ తర్వాత స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలకు డిబెంచర్ విమోచన రిజర్వు అక్కర్లేదు. నమోదు కాని మామూలు కంపెనీ తీర్చాల్సిన డిబెంచర్ల విలువలో 10 శాతం రిజర్వుగా ఉంచాలి. ఇంతకుముందు ఇది 25 శాతం. దాంతోపాటు ఆ ఆర్థిక సంవత్సరంలో గడువు తీరే డిబెంచర్ల మొత్తంలో కనీసం 15 శాతాన్ని ఏప్రిల్ 30 లోపు బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ సెక్యూరిటీల వంటి వాటిలో పెట్టాలి. రెండింట్లో గడువు రోజున చెల్లింపుకు పనికొచ్చేది ఈ రెండోదే అని నా అభిప్రాయం, రిజర్వు పేరుతో చెక్కు రాయలేం కదా. కాబట్టి ఏ కంపెనీ ఆస్తి అప్పుల పట్టీలోనైనా అప్పుల వైపు పెద్ద ఫండ్ కనబడితే, ఆస్తుల వైపు దానికి ఎదురుగా పెట్టుబడులున్నాయా అని చూడండి. లేకపోతే ఆ లాభం యంత్రాల్లోనో, రాని బాకీల్లోనో ఉండిపోయిందన్నమాట, గడువు దగ్గర పడ్డాక కంపెనీ మళ్లీ అప్పు కోసం బయల్దేరాల్సి వస్తుంది.