నటించని గొంతుకు డైలాగు వ్రాయడం ఎలా?

1983లో వచ్చిన ‘వార్ గేమ్స్’ అనే హాలీవుడ్ చిత్రంలో జాషువా అనే కంప్యూటరు మాట్లాడుతుంది. ఆ గొంతు యంత్రానిది కాదు. అదే చిత్రంలో ప్రొఫెసర్ ఫాల్కెన్ పాత్ర ధరించిన జాన్ ఉడ్‌దే! మనిషి మాటలో ఉండే రాగం పోవాలని, ఆయన చేత వాక్యంలోని మాటలను చివరి నుంచి మొదటికి చదివించి, తరువాత ఎడిటింగులో సరైన వరుసలో పేర్చారు. మాటలన్నీ ఉన్నాయి, రాగం మాత్రం చచ్చిపోయింది. పాతికేళ్లు తిరిగేసరికి, 2008లో వచ్చిన ‘వాల్-ఇ’లో ఆటో అనే పాత్రకు నిజంగా యంత్రమే గొంతు ఇచ్చింది. ఆపిల్ వారి మాకిన్‌టాక్!

అంటే, అక్కడ రాగం తీసేయడానికి తంటాలు పడ్డారు. ఇవాళ మన కుర్రకారు పడుతున్న తంటా దానికి సరిగ్గా తిరగేసినది. ఫోనులో తెలుగు టైపు చేస్తే చదివిపెట్టే గొంతుతో లఘుచిత్రాలకు వ్యాఖ్యానాలు, స్పీకర్లలో ప్రకటనలు తయారు చేసేస్తున్నారు. ఖర్చు లేదు, కాల్షీట్ల గొడవ అసలే లేదు. కాని ఆ గొంతు నటించదు. అందులోనూ సాదా రకం గొంతయితే, వంద టేకులు తీసినా వచ్చేది ఒకటే టేకు! కాబట్టి నటన అంతా కాగితం మీదే జరిగిపోవాలి. 1950లో ‘ఆహుతి’కి శ్రీశ్రీ డబ్బింగు మాటలు వ్రాసినప్పుడు, అవి తెర మీది పెదవులకు అతకాలి. ఇక్కడ పెదవులే లేవు. అతకవలసింది వినేవాడి చెవికి.

ఉదాహరణకు మన కోట్‌పల్లినే తీసుకుందాం. వికారాబాదు జిల్లాలో, అనంతగిరి గుట్టలకు దగ్గరలో ఉన్న జలాశయం అది. సెలవు వస్తే చాలు, హైదరాబాదు జనం అక్కడ కయాక్ పడవల్లో తెడ్లు వేయడానికి బయలుదేరతారు. ఆ గట్టు మీద ఒక స్పీకరు పెట్టి, ఇలాంటి గొంతుతో హెచ్చరిక వినిపించాలనుకుందాం. ఆఫీసు భాష అలవాటయిన వారెవరైనా ఇలా వ్రాసి ఇస్తారు:

“కోట్‌పల్లి జలాశయంలో పడవ విహారానికి విచ్చేసిన సందర్శకులు లైఫ్ జాకెట్ ధరించకుండా పడవ ఎక్కరాదనియు, సా. 5.30 గం. తరువాత నీటిలో ఉండరాదనియు మనవి చేయడమైనది.”

కాగితం మీద తప్పేమీ లేదు. వినిపించి చూడండి. ఇలాంటి గొంతు వాక్యం మొదట కాస్త ఎత్తులో అందుకుంటుంది. అక్కడి నుంచి మెల్లగా దిగుతూ పోతుంది. చుక్క దగ్గర అడుగంటుతుంది. మరో వాక్యం మొదలయితేనే మళ్లీ పైకి లేస్తుంది. మరి మన తెలుగులో క్రియ చివరనే కదా వస్తుంది! “ఎక్కవచ్చు”కూ “ఎక్కరాదు”కూ ఉన్న తేడా అంతా ఆ మాట తోకలో ఉంది. ప్రాణం మీదికి వచ్చే ఆ “రాదు” సరిగ్గా గొంతు నీరసించిన చోట పడింది. గాలి, పిల్లల కేకలు, నీటి చప్పుడు వీటన్నిటి మధ్య చెవికి చేరేది “లైఫ్ జాకెట్... పడవ ఎక్క...” వరకే! మనిషి అయితే ఆ “రాదు” మీద ఒత్తి పలుకుతాడు. దీనికి ఆ ఇంగితం లేదు.

పైగా “సా.” పక్కన చుక్క ఉంది. అది పొట్టి రూపమని తెలియని గొంతు అక్కడ వాక్యం అయిపోయిందనుకుని ఆగిపోతుంది. “5.30” అయితే సరేసరి! “అయిదు పాయింటు మూడు సున్నా” అన్నా ఆశ్చర్యపోనక్కర లేదు.

ఇప్పుడు చెవి కోసం వ్రాద్దాం:

“ఆగండి. లైఫు జాకెట్టు వేసుకున్నారా? లేకపోతే, పడవ ఎక్కకండి. పిల్లలకైనా సరే, పెద్దలకైనా సరే, ముందు లైఫు జాకెట్టు. తరవాతే పడవ. సాయంత్రం అయిదున్నరకల్లా, ఒడ్డుకు వచ్చేయండి.”

ఒక్క చుక్క ఉన్న చోట ఇప్పుడు చుక్కలు, ప్రశ్న కలిసి ఆరయినాయి. అంటే గొంతు ఆరుసార్లు పైకి లేస్తుంది. మనం పైసా ఖర్చు లేకుండా రాబట్టిన రాగం అది. “లేకపోతే” తరువాతి కామా చిన్న ఊపిరి. ఆ విరామంలో వినేవాడు చెవి నిక్కిస్తాడు, “ఎక్కకండి” అప్పుడు పడుతుంది. “తరవాతే”లోని ఏకారం చూశారా? గొంతు ఒత్తి పలకలేని దాన్ని మన భాషే ఒత్తి పలికింది. “లైఫ్”ను “లైఫు” చేయడం కూడా ఊరికే కాదు. పొల్లుతో ముగిసే ఇంగ్లీషు మాట దగ్గర సాదా గొంతులు కత్తిరించినట్టు ఆగుతాయి. చివర ఉకారం తగిలిస్తే తెలుగు మాటలా జారిపోతుంది. అన్నట్టు, పొట్టిగా ఉంటుంది కదా అని “లైఫు” తీసేసి ఉత్త “జాకెట్టు” అని మాత్రం వ్రాయకండి! “జాకెట్టు వేసుకున్నారా?” అని స్పీకరు గట్టిగా అడిగితే గట్టు మీద ఆడవాళ్ల ముందు ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పొట్టి వాక్యాలు మంచివన్నాం కదా అని అన్నీ మూడేసి మాటలుగా కోసినా ప్రమాదమే. ఎక్కం అప్పజెప్పినట్టు ఉంటుంది. అందుకే పైన ఒకటి ఒకే మాట, మరొకటి కాస్త సాగినది. ప్రశ్నార్థకం విషయంలో కూడా తెలివి కావాలి. “వేసుకున్నారా?” అన్నప్పుడు చివర గొంతు లేవడం సహజం. “ఎక్కడికి వెళుతున్నారు” అనే ప్రశ్నలో మన నోట బరువంతా “ఎక్కడికి” మీదే. కొన్ని గొంతులు గుర్తు చూసి తోక మాత్రం ఎత్తుతాయి. అలాంటప్పుడు ప్రశ్నార్థకం తీసి చుక్క పెడితేనే వినసొంపు.

ఇక ఊరి పేరు. ‘కోట్‌పల్లి’లో ‘ట్’కూ ‘ప’కూ మధ్య, రెండూ ఒత్తుగా కలిసిపోకుండా, కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని గొంతులు దాన్ని దాటేస్తాయి. కొన్ని అక్కడ తట్టుకుని ఒక ఊరిని రెండు ముక్కలు చేస్తాయి. అలా అయితే “కోటుపల్లి” అని వ్రాసి చూడండి. పొట్టి ఉకారం చెవికి తెలియకుండా జారుతుంది. కాని పొరపాటున కూడా “కోటిపల్లి” అనకండి, అది గోదావరి గట్టున కోనసీమలో ఉంది! “కోటపల్లి” అన్నా మంచిర్యాల జిల్లాకు చేరుతారు.

ఈ దొంగ వ్రాతలు చెవికే గాని కంటికి కాదు. తెర మీద పడే అక్షరాల్లో “కోటుపల్లి” కనిపిస్తే ఊరివాళ్లు ఊరుకుంటారా? కనుక రెండు ప్రతులు ఉంచుకోవాలి. గొంతు సరంజామా ఒప్పుకుంటే, రెంటినీ ఒకే చోట ఇలా వ్రాసే పద్ధతి కూడా ఉంది:

```
<sub alias="కోటుపల్లి">కోట్‌పల్లి</sub>
```

ఒప్పుకోని వాటికి ఇది ఇస్తే, ఈ గుర్తులను కూడా పైకి చదివేస్తాయి!

కొత్తగా వస్తున్న గొంతులు కొన్ని వాక్యం భావాన్ని తామే ఊహించి రాగం తీస్తాయి. వాటికి ఈ కామాలు మోతాదు మించితే నత్తివాడి మాటలా ఉంటుంది. గొంతు మార్చినప్పుడల్లా వ్రాత కూడా మళ్లీ సరిచూడవలసిందే. ఆశ్చర్యార్థకాలు నాలుగు పెట్టినా చాలా గొంతులకు చీమ కుట్టినట్టయినా ఉండదు. వరుస చుక్కలను కొన్ని విరామంగా తీసుకుంటాయి, కొన్ని లెక్కే చేయవు.

సరిచూసేటప్పుడు వ్రాసినవాడి చెవిని నమ్మకూడదు. కాగితం అతనికి కంఠతా వచ్చు కనుక, వినపడనిది కూడా వినపడుతుంది. ఆ కాగితం చూడనివాణ్ణి ఒకణ్ణి ఒడ్డుకు దూరంగా నిలబెట్టి, ఒక్కసారే వినిపించి, “ఏం చెయ్యమంది?” అని అడగాలి. “ఏదో జాకెట్టట” అన్నాడంటే, మళ్లీ కలం పట్టాల్సిందే.