మార్చిలో వచ్చిన 91.3 అక్టోబర్‌లో ఎందుకు రాలేదు?

మిర్చి ఆకు ఫోటో చూసి అది పైముడతా, కిందిముడతా, ఆరోగ్యంగా ఉన్న ఆకా అని చెప్పే మోడల్‌ను హైదరాబాద్‌లో నలుగురైదుగురు కలిసి తయారు చేస్తున్నారనుకుందాం. పైముడత తామర పురుగుల వల్ల వస్తుంది, ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. కిందిముడత నల్లి వల్ల వస్తుంది, అంచులు కిందికి తిరుగుతాయి. మోడల్ పొరబడితే రైతు తన పొలంలో లేని పురుగుకు మందు కొడతాడు. అందుకే అది ఎంత కచ్చితంగా చెబుతోందన్నది ఇక్కడ డబ్బుతో ముడిపడిన ప్రశ్న.

మార్చిలో వాళ్ల దగ్గర 18,400 ఫోటోలున్నాయి. నూటికి 80 ఫోటోలతో మోడల్‌కు నేర్పి, మిగతా 3,680 ఫోటోలను పరీక్షకు దాచారు. పరీక్షలో 3,360 ఫోటోలకు సరైన జవాబు వచ్చింది. అంటే 91.3 శాతం. నివేదిక రాశారు, అందరూ వేరే పనుల్లో పడ్డారు. అక్టోబర్‌లో ఒక రైతు సంఘం వచ్చి, ఆ లెక్క మా ముందు మళ్లీ చేసి చూపించండి అని అడిగింది. అదే కోడ్‌ను అదే ఫోల్డర్ మీద మొదటి నుంచి నడిపితే 88.6 వచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది మోడల్‌కు మళ్లీ మళ్లీ నేర్పించి చూస్తారు. నా ఉద్దేశంలో అది మొదట చేయకూడని పని, ఎందుకంటే ఒకేసారి పది విషయాలు కదులుతాయి. మార్చిలో దాచిన మోడల్ ఫైల్‌ను, కొత్తగా ఏమీ నేర్పకుండా, ఈనాటి పరీక్ష ఫోటోల మీద నడిపి చూడాలి. మళ్లీ 91.3 వస్తే పరీక్ష మారలేదని, తేడా నేర్పే దశలో ఉందని నమ్మవచ్చు. అంకె మారిందంటే పరీక్షే మారింది.

మన బృందం ఆ పని చేస్తే 96.5 వచ్చింది. అంకె పెరిగింది కదా అని సంతోషించే విషయం కాదిది. ఏ కొత్త పాఠమూ నేర్వని మోడల్ ఏడు నెలల తర్వాత అయిదు శాతం మెరుగుపడదు. పరీక్షలోని ప్రశ్నల్లో చాలా భాగం అది మార్చిలోనే జవాబులతో సహా చూసేసి ఉండాలి.

అదే జరిగింది. వేసవిలో, వానాకాలంలో బృందంలో ఒకరు అదే ఫోల్డర్‌లో మరో 640 ఫోటోలు వేశారు. ఫోటోలను రెండు భాగాలు చేసే కోడ్‌లో `random_state=42` అని రాసి ఉంది. ఆ 42 ఉంటే ఎప్పుడు నడిపినా అదే విభజన వస్తుందని అందరూ అనుకున్నారు. జాబితా అదే అయినప్పుడే ఆ మాట నిజం. జాబితా పొడవు మారితే, లేదా ఫోటోల వరుస మారినా, అదే 42 పూర్తిగా వేరే విభజన ఇస్తుంది. 18,400 కాస్తా 19,040 అయ్యేసరికి ఫోటోలన్నీ కొత్తగా కలిసిపోయాయి. ఈనాటి పరీక్షలో 3,808 ఫోటోలున్నాయి. వాటిలో సుమారు 2,900 మార్చిలో పాఠాల్లో ఉన్నవే. అందుకే పాత మోడల్‌కు 96.5 వచ్చింది. కొత్తగా నేర్పిన మోడల్‌కు వచ్చిన 88.6 మాత్రం వేరే పరీక్షలో వచ్చిన మార్కు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికే వీల్లేదు.

ఇక మార్చి నాటి ఫోటోలు కావాలి. ఒకరి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పాత నకలు దొరికింది. కోడ్ ఫైల్ పేర్లను అక్షరక్రమంలో పేర్చాకే విభజిస్తుంది కాబట్టి పాత విభజన తిరిగి వచ్చింది. కంప్యూటర్ ఇచ్చిన వరుసలోనే తీసుకునే కోడ్ అయితే అక్కడితో దారి మూసుకుపోయేది, ఎందుకంటే పైథాన్‌లో `os.listdir` ఇచ్చే వరుసకు ఏ హామీ లేదు. పాత మోడల్‌ను ఆ ఫోటోల మీద నడిపితే 3,352 సరైన జవాబులు వచ్చాయి. 3,360కి ఎనిమిది తక్కువ. ఎనిమిదే కదా అని వదిలేయకూడదు. అదే మోడల్, అవే ఫోటోలు అయినప్పుడు తేడా ఒకటి రెండు ఫోటోలను మించి ఉండకూడదు.

ఆ ఎనిమిది లేబుళ్ల దగ్గర దొరికాయి. ఏ ఫోటోకు ఏ తెగులో రాసిన పట్టిక ఫోటోలతోపాటు డ్రైవ్‌లో లేదు, అందరూ కలిసి వాడే షీట్‌లో ఉంది. జూన్‌లో ఒక వ్యవసాయ అధికారి ఆ షీట్ చూసి, పైముడత అని రాసిన కొన్నిటిని కిందిముడతగా సరిదిద్దారు. ఆయన చేసింది మంచి పనే. కానీ పాత జవాబు చెరిగిపోయి దాని చోట కొత్తది వచ్చింది. షీట్ చరిత్రలోకి వెళ్లి మార్చి నాటి పట్టికను తీశాక 3,360 సరిగ్గా వచ్చింది.

ఇన్నాళ్ల వెతుకులాట ఎందుకు అవసరమైందో గమనించండి. బృందం అంకెను రాసుకుంది, 42ను రాసుకుంది, కోడ్‌ను గిట్‌లో దాచుకుంది. డేటా ఏదో మాత్రం రాసుకోలేదు. ఫోల్డర్ పేరు రాసుకున్నారు, కానీ పేరు మారకుండానే లోపలి సరుకు మారుతుంది.

దీనికి విరుగుడు ఫైల్ లోపలున్న సమాచారం నుంచే ఒక వేలిముద్ర తీయడం. దాన్ని హాష్ అంటారు. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హాష్ మారిపోతుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్ కోడ్‌ను ఇలాగే గుర్తుపెట్టుకుంటుంది. అయితే వేల ఫోటోలు పెడితే గిట్ బరువెక్కిపోతుంది. అందుకని 2017లో వచ్చిన డీవీసీ అనే ఉచిత సాధనం ఫోటోలను వేరే నిల్వలో పెట్టి, వాటి హాష్ ఉన్న చిన్న ఫైల్‌ను మాత్రం గిట్‌కు అప్పగిస్తుంది. డీవీసీని, దాని నిల్వను ఒకసారి సిద్ధం చేసుకున్నాక బృందం చేయవలసింది ఇంతే:

```
dvc add photos
git add photos.dvc .gitignore
git commit -m "march photos"
dvc push
```

ఏడు నెలల తర్వాత ఆ గిట్ కమిట్‌కు వెళ్లి `dvc pull` అంటే ఆనాటి ఫోటోలే వస్తాయి. 640 ఫోటోలు కలిపితే నిల్వలో ఆ 640 మాత్రమే కొత్తగా చేరతాయి, పాతవి రెండోసారి దాచదు. ఫోటోలన్నిటినీ ఒకే జిప్‌గా కట్టి పెడితే మాత్రం ఈ లాభం పోతుంది. ఒక ఫోటో మారినా జిప్ మొత్తం కొత్తదే అవుతుంది. లేబుళ్ల పట్టికను మామూలు టెక్స్ట్ ఫైల్‌గా నేరుగా గిట్‌లో పెట్టుకోవడం మేలు. అప్పుడు జూన్‌లో ఏ వరుస మారిందో, ఎవరు మార్చారో కనిపిస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది జారిపడేది చివరి వరుస దగ్గర. `dvc push` మరిచిపోతే గిట్‌లో హాష్ ఉంటుంది, ఫోటోలు మాత్రం ఒకరి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. ఆ ల్యాప్‌టాప్ ఫార్మాట్ అయిన రోజు ఆ హాష్‌తో పని ఉండదు. నిల్వ నిండిందని `dvc gc` నడిపినా ప్రమాదమే. ఏ పాత వెర్షన్లు ఉంచాలో సరిగా చెప్పకపోతే అది వాటిని తుడిచేస్తుంది. ఈ రెండూ ముందే తెలియాలంటే, ఆ పనిలో లేని మనిషి ఖాళీ కంప్యూటర్‌లో అన్నీ దించుకుని మార్చి అంకెను రాబట్టి చూడాలి.

ప్రయోగాల చిట్టా రాయడానికి ఎంఎల్‌ఫ్లో వంటి సాధనాలున్నాయి. డేటాబ్రిక్స్ సంస్థ దీన్ని 2018లో విడుదల చేసింది. ప్రతి ప్రయోగానికి ఒక గుర్తింపు ఇచ్చి, దాని సెట్టింగులు, ఫలితాలు, మోడల్ ఫైల్ ఒకచోట ఉంచుతుంది. గిట్ ఫోల్డర్‌లోంచి స్క్రిప్ట్ నడిపితే ఏ కమిట్‌లో ఉన్నామో కూడా రాస్తుంది. కానీ కమిట్ చేయకుండా అప్పటికప్పుడు మార్చిన వరుసలు ఆ కమిట్‌లో ఉండవు. చిట్టాలో ఒక కోడ్ ఉంటుంది, నిజంగా నడిచింది మరొకటి అవుతుంది. ఇది బయటికి కనిపించని తప్పు కాబట్టి అన్నిటికన్నా చెడ్డది. ప్రయోగం మొదలయ్యే ముందు `git status --porcelain` ఖాళీగా లేకపోతే అక్కడే ఆపేసేలా స్క్రిప్ట్ రాసుకుంటే ఈ బెడద ఉండదు. `photos.dvc`లోని హాష్‌ను కూడా ప్రతి ప్రయోగం పక్కన రాయించాలి.

విభజన సమస్యకు డేటా వెర్షన్ ఒక్కటే చాలదు. కొత్త ఫోటోలు వచ్చినా పాతవి తమ చోటే ఉండాలంటే, ఏది ఎటు వెళ్లాలన్నది దాని సొంత గుర్తింపే తేల్చాలి:

```python
import zlib

def is_test(field_id):
    return zlib.crc32(field_id.encode()) % 100 < 20
```

ఇక్కడ ఫోటో పేరు బదులు పొలం గుర్తింపు వాడటానికి కారణం ఉంది. ఒకే మొక్కకు తీసిన రెండు ఫోటోల్లో ఒకటి పాఠంలో, ఒకటి పరీక్షలో పడితే 96.5 కథే మళ్లీ మొదలవుతుంది.

ఇన్ని చేసినా, మార్చి డేటాతో మళ్లీ మొదటి నుంచి నేర్పితే 91.3కు బదులు 91.0 రావచ్చు. పైథాన్‌లో `(0.1+0.2)+0.3` అడిగితే 0.6000000000000001 వస్తుంది, `0.1+(0.2+0.3)` అడిగితే 0.6 వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వేల కూడికలను ఒకేసారి చేస్తుంది, వాటి వరుస ప్రతిసారీ ఒకేలా ఉండనక్కర్లేదు. ఆ చిన్న తేడాలు నేర్చుకునే కొద్దీ పెరుగుతాయి. వేర్వేరు వెర్షన్లలో, వేర్వేరు యంత్రాల మీద అచ్చంగా అదే ఫలితం వస్తుందని హామీ ఇవ్వలేమని పైటార్చ్ తన పత్రాల్లోనే చెబుతుంది. అందుకే మార్చిలోనే అయిదు వేర్వేరు సీడ్లతో నేర్పి, అంకె ఎంత మేర ఊగుతుందో రాసి పెట్టుకోవాలి. 90.8 నుంచి 91.5 దాకా ఊగుతుందని తెలిస్తే 91.0కు కంగారు పడక్కర్లేదు, 88.6ను మాత్రం వదిలిపెట్టకూడదు.

లైబ్రరీ వెర్షన్ల వల్ల వచ్చే తేడా ఇంత చిన్నగా ఉండకపోవచ్చు. సైకిట్-లెర్న్‌లో ర్యాండమ్ ఫారెస్ట్ మోడల్‌కు ఎన్ని చెట్లు కావాలో చెప్పకపోతే పాత వెర్షన్లు 10 వేసుకునేవి, 0.22 వెర్షన్ నుంచి 100 వేసుకుంటాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే మోడల్ మారిపోతుంది. లైబ్రరీల వెర్షన్లన్నీ ఒక ఫైల్‌లో బిగించి కమిట్ చేయడం, డిఫాల్ట్‌ల మీద ఆధారపడకుండా ముఖ్యమైన సెట్టింగులు కోడ్‌లోనే రాయడం ఇందుకే.

ఒక చిక్కు మిగిలి ఉంది, దానికి సాధనం లేదు. ఫోటోతోపాటు రైతు పేరో, ఫోన్ నంబరో ఉంటే అది వ్యక్తిగత సమాచారం. తన సమాచారం తీసేయమని అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇస్తోంది. పాత వెర్షన్లన్నిటినీ భద్రంగా ఉంచే పద్ధతి, ఒక మనిషి సమాచారాన్ని అన్ని చోట్లా తుడవమనే హక్కు ఒకదానికొకటి అడ్డుపడతాయి. పేర్లు, నంబర్లు మొదటి నుంచీ ఫోటోలకు దూరంగా, వెర్షన్లు లేని వేరే పట్టికలో ఉంచితే చిక్కు చాలావరకు తగ్గుతుంది. ఫోటోలే తీసేయాల్సి వస్తే వాటిని పాత వెర్షన్లలోంచి కూడా తీసేసి, మార్చి మోడల్‌ను మిగిలిన పరీక్ష ఫోటోల మీద మళ్లీ నడిపి, 91.3 కింద కొత్త అంకెను, తీసేసిన ఫోటోల సంఖ్యను, తేదీని రాయాలి.