హాజరుపట్టీతో కలిపి చదవాల్సిన ఫీడ్‌బ్యాక్

ఇంజనీరింగ్ కాలేజీల్లో సెమిస్టర్ చివర విద్యార్థుల చేత ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించడం మామూలే. ఒక్కో లెక్చరర్‌కు ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయించి, సగటు తీసి, ఆ అంకెను ఫైల్లో పెడతారు. అయితే ఆ సగటు ఎవరిదో ఫైలు చెప్పదు. రోజూ క్లాసుకు వచ్చినవాళ్లు చెప్పినదా, నెలకోసారి కనిపించేవాళ్లు చెప్పినదా అన్నది హాజరుపట్టీని పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఈ రెండింటినీ జతచేయాలంటే సర్వే ఎప్పుడు పెట్టాలో, ఏమి అడగాలో ముందే తేల్చుకోవాలి.

ఒక సెక్షన్‌లో 60 మంది ఉన్నారనుకుందాం. వారిలో ఒక సబ్జెక్టుకు 75 శాతం, ఆపైన హాజరైనవారు 36 మంది. మిగిలిన 24 మందికి అంతకన్నా తక్కువ. ఒక మధ్యాహ్నం క్లాసులోనే ఫారాలు పంచితే 42 మంది నింపారు. వారిలో 32 మంది మొదటి గుంపువారు, 10 మంది రెండో గుంపువారు. మొదటివారు ఇచ్చిన సగటు 4.2, రెండోవారిది 3.2. ఫారాలన్నీ కలిపి లెక్కిస్తే 3.96 వస్తుంది, అంటే ఇంచుమించు నాలుగు. కానీ ఆ రోజు రానివారిలో ఎక్కువమంది రెండో గుంపువారే. ఒక్కో గుంపు సగటును సెక్షన్‌లో దాని అసలు సంఖ్యతో, అంటే 4.2ను 36తో, 3.2ను 24తో హెచ్చించి, కూడి, 60తో భాగిస్తే 3.8 వస్తుంది. తేడా చిన్నదే. అయితే నాలుగు దాటినవారికి ప్రశంసాపత్రం, దాటనివారికి వివరణ కోరుతూ మెమో ఇచ్చే చోట అది చిన్న తేడా కాదు. ఈ సవరణకూ ఒక హద్దుంది. నింపిన పదిమంది అభిప్రాయం నింపని 14 మంది అభిప్రాయానికి దగ్గరగా ఉంటుందని నమ్మితేనే 3.8కి అర్థం ఉంటుంది.

ఈ లెక్కకు ఏ హాజరును తీసుకోవాలన్నది తరచూ పొరపాటు జరిగే చోటు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో పరీక్షకు అర్హత అన్ని సబ్జెక్టులూ కలిపిన మొత్తం హాజరును బట్టి ఉంటుంది. 75 శాతం కావాలి. 65కు తగ్గకుండా ఉంటే తగిన కారణం చూపి కండోనేషన్ తెచ్చుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షన్. ఈ మొత్తం అంకె ఫీడ్‌బ్యాక్‌కు పనికిరాదు. మొత్తంమీద 80 శాతం ఉన్న విద్యార్థి ఒకే ఒక్క సబ్జెక్టుకు సగం క్లాసులు ఎగ్గొట్టి ఉండవచ్చు. ఆ లెక్చరర్ గురించి అతని మాటకు ఎంత ఆధారం ఉందో సబ్జెక్టువారీ హాజరే చెబుతుంది. మెడికల్ సర్టిఫికెట్లు వచ్చాక మార్చిన హాజరు కాకుండా, సర్వే తెరిచిన రోజున పట్టీలో ఉన్న అసలు హాజరునే తీసుకుని అక్కడితో ఆపాలి.

పట్టీయే నిజం కాకపోతే ఈ పని మొత్తం వృథా. ప్రాక్సీలు నడిచే క్లాసును పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఆ పీరియడ్‌కు పట్టీలో 58 మంది ఉండి, గదిలో నింపిన ఫారాలు 42 మాత్రమే ఉంటే, నింపడానికి నిరాకరించినవారు ఎందరో అక్కడికక్కడే లెక్కపెట్టాలి. వారిని తీసేసినా తేడా మిగిలితే ముందు పట్టీని సరిచేయాలి.

ఇక సమయం. సుమారు 16 వారాల సెమిస్టర్‌లో మొదటి మూడు, నాలుగు వారాలు ఏమీ చెప్పవు. ఆలస్యంగా చేరేవాళ్లు, సెక్షన్ మారేవాళ్లు ఉంటారు కాబట్టి హాజరు శాతాలు నిలకడగా ఉండవు. అయిదు, ఆరు వారాలు గడిచాక, మొదటి మిడ్ పరీక్షకు ముందు ఒక చిన్న సర్వే పెట్టడం మంచిది. అప్పుడు తెలిసిన లోపాన్ని అదే సెమిస్టర్‌లో దిద్దుకోవచ్చు, ఫిర్యాదు చేసిన విద్యార్థికే ఫలితం దక్కుతుంది. చివరి సర్వేను మాత్రం క్లాసులు ముగిసే వారంలో, షార్టేజ్ జాబితా నోటీసు బోర్డు ఎక్కకముందే ముగించాలి. జాబితాలో పేరు చూసుకున్న విద్యార్థి పాఠం గురించి ఆలోచించడు, పేరు రాసినవారి మీద కోపమే ఫారంలోకి ఎక్కుతుంది. మార్కులు వెల్లడించాక పెట్టినా ఇదే చిక్కు. మార్కులు బాగా వచ్చినవారికి పాఠం కూడా బాగున్నట్టే తోస్తుంది.

క్లాసులో మాత్రమే ఫారం ఇస్తే రానివారి మాట వినపడదు. ఫోన్‌లో నింపమంటే చాలామంది పట్టించుకోరు. అందుకే కొన్ని చోట్ల ఫీడ్‌బ్యాక్ ఇస్తేనే హాల్ టికెట్ అంటారు, లేదా ఒక పీరియడ్ హాజరు కలుపుతామంటారు. ఇది సర్వేను చెడగొట్టే పద్ధతి. ఫారాల సంఖ్య పెరుగుతుంది, వాటిలో విషయం ఉండదు. దాన్ని గుర్తించడం సులువే. 20 ప్రశ్నలకు అరనిమిషంలో జవాబులు వస్తాయి, అన్నింటికీ ఒకే అంకె ఉంటుంది. "పాఠం అర్థంకాక వదిలేసిన యూనిట్లు చాలా ఉన్నాయి" అన్న వాక్యానికి అయిదు ఇచ్చినవారే "అన్ని యూనిట్లూ బాగా అర్థమయ్యాయి" అన్నదానికీ అయిదు ఇస్తారు. మేలైన దారి ఏమిటంటే, క్లాసులో పదిహేను నిమిషాలు ఇచ్చి లెక్చరర్ బయటికి వెళ్లాలి, లింకును ఆ తర్వాత నాలుగు రోజులు తెరిచి ఉంచాలి.

ప్రశ్నలను రాసేటప్పుడు ఎవరు ఏది చూశారన్నది గుర్తుంచుకోవాలి. నాక్ వారి విద్యార్థి సంతృప్తి సర్వేలో సిలబస్ ఎంత శాతం క్లాసులో పూర్తయింది అని అడుగుతారు. సగం క్లాసులకే వచ్చిన విద్యార్థి దీనికి ఊహించి చెప్పడం తప్ప చేయగలిగింది లేదు. అలాంటి ప్రశ్నలకు "చెప్పలేను" అన్న జవాబు కూడా ఉండాలి, దాన్ని సగటులో కలపకూడదు. బోర్డు మీది రాత కనబడిందా, మాట వెనక బెంచీకి వినబడిందా, సందేహం అడిగితే జవాబు దొరికిందా వంటివి నాలుగు క్లాసులు విన్నవారూ చెప్పగలరు. "లెక్చరర్ సమయానికి వచ్చి చక్కగా బోధిస్తారా?" అన్నది రెండు ప్రశ్నలను ఒకటిగా కుట్టినది. సమయానికి వచ్చి చక్కగా బోధించనివారి గురించి దానికి ఏ జవాబు ఇవ్వాలో తెలియదు.

అన్నింటికన్నా విలువైనది తక్కువ హాజరు ఉన్నవారిని అడిగే ఒక్క ప్రశ్న: ఈ సబ్జెక్టుకు రాకపోవడానికి ముఖ్య కారణం ఏమిటి? బస్సు అందలేదు, ఆరోగ్యం బాగాలేదు, పార్ట్‌టైమ్ పని, పాఠం వల్ల ఉపయోగం అనిపించలేదు, వీడియోలు చూసి చదువుకుంటున్నాను వంటి జవాబులు ఇవ్వవచ్చు. ఇది లేకపోతే 3.2 అన్న సగటును ఎలాగైనా చదవవచ్చు. పాఠం బాగాలేక క్లాసు మానేశారా, క్లాసు మానేసినందువల్ల పాఠం అర్థంకాలేదా అన్నది హాజరు శాతం ఒక్కటే తేల్చలేదు. మొదటి పీరియడ్‌కు రానివారిలో ఎక్కువమంది బస్సు పేరే చెబితే సరిచేయాల్సింది టైమ్‌టేబుల్‌ను, లెక్చరర్‌ను కాదు.

ఇంత జతచేయడంలో విద్యార్థి పేరు బయటపడే ప్రమాదం ఉంది. ఇంటర్నల్ మార్కులు వేసేవారే తమ ఫారం చదువుతారన్న అనుమానం ఉంటే ఎవరూ నిజం రాయరు. కాబట్టి ఫారానికి రోల్ నంబరు తగిలించకూడదు. హాజరు చూసి 75 పైనా, కిందా అన్న గుంపును మాత్రమే కోడ్‌లో చేర్చి, ఏ కోడ్ ఎవరికి వెళ్లిందన్న జాబితా ఉంచకుండా పంచాలి. కోడ్‌లో గుంపు తెలుస్తుందన్న మాట విద్యార్థులకు ముందే చెప్పాలి. ఒక గుంపులో అయిదుగురి కన్నా తక్కువమంది నింపితే ఆ గుంపు సగటును విడిగా చూపకూడదు. 65 శాతం లోపువారిని మూడో గుంపుగా విడదీయాలన్న కోరిక ఇక్కడే ఆగుతుంది. పై సెక్షన్‌లో అలాంటివారు ఇద్దరే నింపి ఉంటే, వారి రాతను చూసి ఎవరో చెప్పేయడం లెక్చరర్‌కు కష్టం కాదు. పన్నెండుమంది చదివే ఎలక్టివ్‌లో రెండు గుంపులూ నిలవవు. అక్కడ హాజరుతో విడదీయకుండా ఒకే సగటు ఇచ్చి, రెండు, మూడు సంవత్సరాల ఫారాలు పోగయ్యాకే గుంపులుగా చూడాలి.