"రేటు ఎక్కువ" అనగానే తగ్గించకండి, ముందు ఒక మాట అడగండి

వీడియోలో గానుగ దగ్గర నిలబడి నూనె లెక్క చెప్పాను. అమ్మేచోట ఆ లెక్క ఎలా పనికొస్తుందో అక్కడ చెప్పలేకపోయాను. అది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది కదిరి వైపు. ప్రకృతి వ్యవసాయంలో పండించిన వేరుశనగను చెక్క గానుగలో ఆడించి, ఆదివారం ఆదివారం అనంతపురంలో స్టాల్ పెట్టి అమ్ముతాం. లీటరు 400 రూపాయలు. మొదటి ఏడాది జరిగిన సంగతి ఇది. ఒకాయన సీసా చేతిలోకి తీసుకుని, "400 ఆ? మరీ ఎక్కువ చెప్తాండావే" అన్నాడు. బేరం పోతుందేమోనన్న భయంతో నేను వెంటనే "సరే సార్, 360 ఇవ్వండి" అనేశాను. ఆయన ఆ మాట అడగనే లేదు, నా అంతట నేనే తగ్గించాను.

పక్కనే ఒకామె నిలబడి ఉంది. నాలుగు నెలలుగా ప్రతి నెలా రెండు సీసాలు 400 చొప్పునే తీసుకుంటున్న మనిషి. ఆమె ఏమీ గొడవ పెట్టుకోలేదు. "అంటే ఇన్నాళ్లూ నా దగ్గర 40 ఎక్కువ తీసుకున్నావన్నమాట" అని నవ్వుతూనే అనేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తగ్గించి అమ్మినాయన కూడా మళ్లీ రాలేదు.

40 రూపాయలు తగ్గిస్తే పోయేది ఎంత?

ఆ రాత్రి ఇంటికొచ్చి నోటు పుస్తకంలో లెక్క వేసుకున్నాను. మా గానుగలో ఒక వాయికి 15 కిలోల గింజలు పోస్తాం. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనే ఉంటుంది. కానీ చెక్క గానుగ అదంతా పిండలేదు, కొంత చెక్కలోనే ఉండిపోతుంది. మాకు వాయికి 6 కిలోల దాకా నూనె దిగుతుంది. మడ్డి తేరాక సీసాల్లోకి వచ్చేది 6 లీటర్లు. అంటే లీటరుకు రెండున్నర కిలోల గింజలు పడతాయి.

గింజలు కిలో 130 చొప్పున 15 కిలోలకు 1950. చెక్క ఎనిమిదిన్నర కిలోలు వస్తుంది, కిలో 40 చొప్పున 340 తిరిగొస్తుంది. అది తీసేస్తే 1610. గానుగ కరెంటు, కూలీ కలిపి 225. సీసా, మూత, లేబుల్ లీటరుకు 20 చొప్పున 120. బండి, స్టాల్ ఖర్చు లీటరుకు 25 చొప్పున 150. మొత్తం 2105. ఆరు లీటర్లకు పంచితే లీటరుకు 351 రూపాయలు.

అంటే 400కు అమ్మితే నాకు మిగిలేది 49. దానిని 360కి ఇచ్చేస్తే మిగిలేది 9 రూపాయలు. కొనేవాళ్లకు అది పదో వంతు తగ్గింపే, నాకు మాత్రం మిగులులో ఐదింట నాలుగు వంతులు పోయినట్టే. పది సీసాలు 400 చొప్పున అమ్మితే వచ్చే 490 రూపాయలు, 360 చొప్పున సంపాదించాలంటే 54 సీసాలు దాటి అమ్మాలి. నాకు ఆదివారానికి 20 సీసాలు పోతే గొప్ప.

మీ పంటకు, మీ ఊరి రేట్లకు అంకెలు మారతాయి. కానీ ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోకుండా స్టాల్‌లో నిలబడకండి. లెక్క తెలియనప్పుడే భయం నోరు తెరిపిస్తుంది.

ఆ మాట వెనక ఏముందో తెలుసుకోవాలి

"రేటు ఎక్కువ" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందరి మనసులో ఉండేది ఒకటే కాదు. ఒకరు షాపులో ప్యాకెట్‌తో పోలుస్తారు. ఒకరికి ఇది నిజంగా గానుగ నూనేనా అని అనుమానం. ఒకరికి నూనె మీద నమ్మకం ఉన్నా నెల ఖర్చుకు అందదు. ఇంకొకరికి బేరమాడటం అలవాటు, అంతే. తగ్గించడం వల్ల మొదటి ముగ్గురి ఇబ్బందీ తీరదు. అనుమానం ఉన్న మనిషికైతే అనుమానం ఇంకా పెరుగుతుంది. మంచి సరుకైతే అడగకుండానే ఎందుకు తగ్గిస్తాడని అనుకుంటారు.

అందుకే ఇప్పుడు నేను ఆ మాట వినగానే జవాబు చెప్పను. ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడు ఇంట్లో ఏ నూనె వాడతారమ్మా? నెలకు ఎంత పడుతుంది?" అని అడుగుతాను. "దేనితో పోలిస్తే ఎక్కువ?" అని సూటిగా అడిగి చూశాను. అది నిలదీసినట్టు ఉంటోంది. వంటింటి సంగతి అడిగితే మాత్రం మనుషులు మామూలుగా మాట్లాడతారు, అసలు విషయం వాళ్లే బయట పెడతారు.

ఒక టీచరమ్మతో జరిగిన మాటలు

పోయిన ఏడాది ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. సీసా తిప్పి చూసి, "ఏం నాయనా, లీటరు 400 ఆ? షాపులో 180కే ఇస్తాండారు" అంది. నేను ఆ ప్రశ్నే అడిగాను. "మేం నలుగురం. నెలకు మూడు లీటర్లు. ప్యాకెట్ నూనే" అంది.

పోలిక అని అర్థమైంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ప్యాకెట్ నూనెను తిట్టడం. ఆమె ఇరవై ఏళ్లుగా పిల్లలకు వండిపెట్టింది ఆ నూనెతోనే. దాన్ని విషం అంటే ఆమెను అన్నట్టే. షుగర్ తగ్గుతుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి అని కూడా నేను చెప్పను. రుజువు చూపలేని మాట ఒక్కటి చెప్పినా, తర్వాత చెప్పే నిజాలు కూడా నమ్మరు.

నేను చెప్పింది ఇంతే: "అమ్మా, ఫ్యాక్టరీలో చెక్కలో మిగిలిన నూనెను కూడా ద్రావకంతో తీసేస్తారు, ఒకేసారి టన్నుల్లో తీస్తారు, అందుకే వాళ్లకు తక్కువ పడుతుంది. మాకు లీటరుకు రెండున్నర కిలోల గింజలు పడతాయి. ఆడించే ముందు బూజు పట్టినవి, నల్లబడినవి చేత్తో ఏరేస్తాం. మా నూనె వడకట్టడమే తప్ప శుద్ధి చేయం, గింజలో చెడు ఉంటే నూనెలోకి వస్తుంది." ఇది నిజం కూడా. బూజు గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండే ప్రమాదం ఉంది. కాబట్టి ఏరడం దగ్గర డబ్బు ఆదా చేయకూడదు.

ఇంత చెప్పి ఊరుకున్నాను. ఊరుకోవడమే కష్టం. మాట ఆగితే బేరం పోతుందనిపించి మనమే రేటు తగ్గించేస్తాం. ఆమె కాసేపు ఆలోచించి, "అన్నీ ఇట్లే చెప్తారు, లోపల ఏముందో మాకేం తెలుసు" అంది. అప్పుడు అసలు విషయం బయటపడింది, ఆమెది రేటు సమస్య కాదు, నమ్మకం సమస్య.

అనుమానానికి మాటలతో జవాబు చెప్పలేం, చూపించాలి. మూత తీసి వాసన చూడమన్నాను. సీసా మీద ఆడించిన తేదీ చూపించాను. "మీరే కదిరి రండి. మీ గింజలు మీరే తెచ్చుకున్నా సరే, మీ కళ్ల ముందే ఆడించి ఇస్తాం, కూలీ ఇవ్వండి చాలు" అన్నాను. వచ్చేవాళ్లు పదిమందిలో ఒక్కరే ఉంటారు. కానీ రమ్మని పిలవడమే మిగతా తొమ్మిదిమందికి జవాబు. లోపాలు కూడా ముందే చెప్పాను: అడుగున కొంచెం మడ్డి ఉంటుంది, బాగా కాగబెట్టి వేపుళ్లు చేస్తే నురగ వస్తుంది. ఇది చెప్పకపోతే ఇంటికెళ్లాక నురగ చూసి కల్తీ అనుకుంటారు.

ఆమె ముఖం కాస్త మెత్తబడింది. కానీ, "నెలకు మూడు సీసాలంటే 1200. నా పెన్షన్‌లో అంత పెట్టలేను నాయనా" అంది. ఇది నిజమైన కష్టం. ప్యాకెట్‌తో పోలిస్తే నెలకు 660 రూపాయలు అదనం. దీన్ని మాటలతో కొట్టిపారేయకూడదు. సీసాకు 40 తగ్గించినా నెలకు 120 తగ్గుతుంది, ఆమెకు అప్పటికీ అందదు, నాకు మాత్రం మిగులు పోతుంది.

"అన్నిటికీ ఇదే వాడొద్దమ్మా. పూరీలు, బజ్జీలు మీ నూనెతోనే చేసుకోండి. తాలింపుకు, పొడుల్లోకి, పచ్చళ్లకు ఇది వాడి చూడండి, వాసన తెలిసేది అక్కడే. అర లీటరు 210" అన్నాను. లీటరు లెక్కన అర లీటరు సీసా కొంచెం ఎక్కువే పడుతుంది, సీసా ఖర్చు తగ్గదు కాబట్టి. ఆ సంగతీ చెప్పాను. ఆమె అర లీటరు తీసుకెళ్లింది. ఇప్పుడు నెలకు ఒక లీటరు తీసుకుంటుంది. మూడు లీటర్ల మనిషి ఎప్పటికీ కాకపోవచ్చు, పర్వాలేదు.

ఇక అలవాటుగా బేరమాడేవాళ్లు. సీసా అప్పటికే సంచిలో పెట్టుకుని, నవ్వుతూ "ఏదో ఒకటి తగ్గించబ్బా" అంటే అది అలవాటే. వాళ్లకు పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "అందరికీ ఒకటే రేటన్నా, 400" అని మెల్లగా చెప్పి చిల్లర తీయడం మొదలుపెడితే చాలు.

తగ్గించాల్సి వస్తే

ఎప్పుడూ తగ్గించకూడదని నేను చెప్పడం లేదు. నా ఖర్చు తగ్గినప్పుడు తగ్గిస్తాను. సొంత క్యాను తెచ్చుకుంటే సీసా, మూత ఖర్చు 20 మిగులుతుంది, కాబట్టి లీటరు 380. నా 49 నాకు అలాగే ఉంటుంది. ఈ రేటు బోర్డు మీద రాసి పెట్టాను, ఎవరైనా తీసుకోవచ్చు. చెవిలో చెప్పే తగ్గింపుకు, బోర్డు మీద రాసిన తగ్గింపుకు చాలా తేడా ఉంది. మొదటిదాని వల్లే నేను ఆ పాత ఖాతాదారును పోగొట్టుకున్నాను.

ఒక్కోసారి మన రేటు నిజంగానే ఎక్కువ ఉంటుంది. తెలుసుకునేదెలా? కొత్తవాళ్ల మాట కాదు, వాడి బాగుందన్నవాళ్లు రేటు కోసమే మానేస్తుంటే ఆలోచించాలి. అదే రకం గింజ, అదే గానుగ, అంతే శ్రద్ధతో పక్క రైతు 350కి ఇవ్వగలుగుతుంటే ఆలోచించాలి. అప్పుడు కూడా చేయాల్సింది స్టాల్‌లో తగ్గించడం కాదు, ఇంటి దగ్గర ఖర్చు వెతకడం. నా విషయంలో అది బండి ఖర్చు. ఇంకో రైతు తన బియ్యం, పప్పులు అదే బండిలో వేసుకుని సగం బాడుగ పంచుకోవడానికి మొన్ననే ఒప్పుకున్నాడు. అది నాలుగు వారాలు నిలబడితే బోర్డు మీద అందరికీ పది రూపాయలు తగ్గిస్తాను.

ఈ ఆదివారం అమ్మడానికి వెళ్లే ముందు మీ సరుకు ఏదైనా సరే, బియ్యం, బెల్లం, పప్పు, లీటరుకో కిలోకో అయ్యే ఖర్చు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఎవరైనా రేటు ఎక్కువ అన్నప్పుడు వాళ్లకు చూపించడానికి కాదు, మీ నోరు జారకుండా ఉండటానికి.