రోజుకెన్ని కిలోమీటర్లు?

దసరా సెలవులొస్తున్నాయి. తెనాలిలో ఒక కుటుంబం కారులో రామేశ్వరం వెళ్లాలనుకుంది అనుకుందాం. నాన్నే డ్రైవరు. అమ్మ, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పుల నానమ్మ. రేపల్లె నుంచి బాబాయి వాళ్లు ఇంకో కారులో బయల్దేరి బాపట్లలో కలుస్తారు. సెలవు ఆరు రోజులు. తెనాలి నుంచి రామేశ్వరం సుమారు 980 కిలోమీటర్లు, రానూపోనూ 1,960. ఆరుతో భాగిస్తే రోజుకు 327 వచ్చింది. ‘ఓస్, ఇంతేనా! హాయిగా వెళ్లిరావచ్చు’ అనేసుకుంటారు అందరూ.

చిక్కంతా ఆ భాగహారంలోనే ఉంది. ఎందుకంటే డ్రైవరు అలసిపోయేది కిలోమీటర్లను బట్టి కాదు, స్టీరింగు ముందు కూర్చున్న గంటలను బట్టి. కాబట్టి ముందు దారిని ముక్కలు చేయాలి, ఒక్కో ముక్కకూ ఎన్ని గంటలు పడుతుందో చూడాలి. రోజులుగా విడగొట్టడం ఆ తర్వాతి పని.

తెనాలి నుంచి పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాదాపు 115 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే ఇంతే. కానీ దారి పొడవునా ఊళ్లు, స్పీడ్‌బ్రేకర్లు, ట్రాక్టర్లు, గేదెలు. కోతల కాలమైతే రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. గంటకు 40 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే మూడు గంటలు. ఒంగోలు దగ్గర పెద్ద హైవే ఎక్కాక బండి వేగం అందుకుంటుంది. అక్కడ కూడా స్పీడోమీటరు 90 చూపిస్తోంది కదా అని గంటకు 90 లెక్కేసుకోకూడదు. టోల్‌గేట్లు, లారీలు, ఊళ్ల దగ్గర జంక్షన్లు పోను సగటున 65 పడుతుంది. ఒంగోలు నుంచి నెల్లూరు మీదుగా సూళ్లూరుపేట సుమారు 220 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. మొదటి 115కి, తర్వాతి 220కి తేడా అరగంటే!

మరి రోజుకెన్ని గంటలు నడపొచ్చు? బండి నడపడమే వృత్తిగా ఉన్నవాళ్ల కోసం 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. మామూలుగా రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదు, ఏకబిగిన ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అనేది ఆ చట్టం. నిత్యం నడిపేవాళ్లకే ఎనిమిదైతే, ఏడాదికోసారి దూరం వెళ్లే నాన్నకు ఏడు దాటకపోవడం మంచిది. దానికి రెండు గంటల విరామాలు కలపాలి. రెండు గంటలకోసారి పావుగంట దిగడం, టిఫిను, భోజనం, నానమ్మ కాళ్లు చాపుకోవడం అన్నీ అందులోనే. ఫోన్లో మ్యాపు చూపించే సమయంలో ఇవేవీ ఉండవు. దానికి ఇంకో పావు వంతైనా కలుపుకోవాలి.

ఇప్పుడు రోజులు వేద్దాం. మొదటి రోజు ఉదయం ఆరింటికి బయల్దేరితే సూళ్లూరుపేటకు ఆరున్నర గంటల డ్రైవింగ్, రెండు గంటల విరామం. మధ్యాహ్నం రెండున్నర. ‘ఇంకా బోలెడంత పొద్దుంది, చెన్నై 85 కిలోమీటర్లే కదా’ అనిపిస్తుంది. తప్పటడుగు పడేది ఇక్కడే. వెళ్తే సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకు, అలసిన కళ్లతో చెన్నై ట్రాఫిక్‌లో చిక్కుకుంటారు. అక్కడే పడుకుని, మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి లేచి వెళ్తే, చెన్నైని బయటి రింగు రోడ్డు మీదుగా దాటేసి ఎనిమిదింటికల్లా చెంగల్పట్టులో ఇడ్లీ తినొచ్చు. మహానగరం ఎప్పుడూ ఆ రోజు ప్రయాణానికి మొదట్లో రావాలి, చివర్లో కాదు. చెంగల్పట్టు నుంచి తిరుచ్చి 270 కిలోమీటర్లు, మంచి రోడ్డు, నాలుగు గంటలు. రెండు గంటలకల్లా గదిలో ఉంటారు. సాయంత్రం శ్రీరంగం.

మూడో రోజు తిరుచ్చి నుంచి పుదుక్కోట్టై, రామనాథపురం మీదుగా రామేశ్వరం 235 కిలోమీటర్లు. ముందురోజు 410 వెళ్లినవాళ్లకు ఇదొక లెక్కా అనిపిస్తుంది గానీ ఐదు గంటలు పడుతుంది. పాంబన్ వంతెన మీద పిల్లలు ఊరికే కూర్చోరు, దానికీ కొంత టైము! పొద్దుటే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు. అలా చేరితేనే ధనుష్కోటి చూడగలిగేది, చీకటి పడ్డాక అటు బండ్లను పోనివ్వరు.

నాలుగో రోజు అగ్నితీర్థంలో సముద్ర స్నానం, తర్వాత గుళ్లో 22 తీర్థాలు. తడిబట్టలు మార్చుకుని దర్శనం, భోజనం అయ్యేసరికి ఒంటిగంట. ఆ పూట ఎక్కువ దూరం పెట్టుకోకూడదు. 150 కిలోమీటర్ల కారైక్కుడి చాలు. ఐదో రోజు అక్కడి నుంచి తిరుచ్చి మీదుగా చెంగల్పట్టు, 360 కిలోమీటర్లు, ఆరు గంటలు. మళ్లీ చెన్నైకి ఇవతలే మకాం.

ఇక మిగిలింది ఆరో రోజు. చెంగల్పట్టు నుంచి తెనాలి 470 కిలోమీటర్లు. గంటల్లో చూస్తే తొమ్మిది, విరామాలతో పదకొండు. ఐదు రోజులు తిరిగిన ఒళ్లు, చివరి మూడు గంటలు చీరాల, బాపట్ల, పొన్నూరు ఇరుకు రోడ్డు. భాగహారం చూపించని నిజం ఇదే. ఈ ప్రయాణం ఆరు రోజుల్లో సరిపోదు. నెల్లూరులో ఒక రాత్రి ఆగితే ఆరో రోజు 230, ఏడో రోజు 240 అవుతాయి. బాపట్లలో టిఫినుకు కాదుగానీ, ఇంట్లో భోజనానికి అందుకుంటారు.

ఒక్క సెలవు కోసం చాలామంది చేసేది రాత్రి నడిపేయడం. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే దాదాపు 90 మీటర్లు బండిని చూసేవారే ఉండరు. లైట్లు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీ ఆ 90 మీటర్లలో ఉంటే చాలు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా, మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు, మూడు గంటల మధ్య నిద్ర ముంచుకొస్తుంది. మాటిమాటికీ ఆవలింతలు, బండి గీత వైపు జరగడం, ఇప్పుడే దాటిన ఊరేదో గుర్తు రాకపోవడం... ఇవి కనిపిస్తే పక్కన కూర్చున్నవాళ్లు బండి ఆపించాలి. పాటలు, ఏసీ చల్లదనం నిద్రను ఆపవు. కాఫీ తాగి, అది పనిచేసేలోగా సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోవడం కొంతసేపటికి నయం. ఆ పైన కావల్సింది నిద్రే.

లెక్క కాగితం మీద కుదిరినంత మాత్రాన రోడ్డు మీద కుదరాలని లేదు. అందుకని మొదటి రోజు ఒంగోలులో గడియారం చూసుకోవాలి. తొమ్మిదిన్నరకు చేరాల్సింది పదిన్నర అయిందంటే సూళ్లూరుపేట పట్టు విడిచి నెల్లూరులో ఆగడమే సుఖం. రెండో రోజు ఇలాంటి ఊరు విళుపురం. గదులు ముందే తీసుకునేటప్పుడు రద్దు చేసుకునే వీలున్నవే చూసుకోవాలి. రెండు కార్లున్నాయి కాబట్టి లెక్క నిదానంగా వెళ్లే బండిది. రేపల్లె వాళ్లు తెనాలి రానక్కర్లేదు, అక్కడి నుంచి బాపట్ల సుమారు 45 కిలోమీటర్లే. తెనాలి కారుకూ దాదాపు అంతే దూరం, అదే ఆరింటికి ఇద్దరూ బయల్దేరితే సరి.

ఏడో రోజు సెలవు దొరకదా? అయితే కారైక్కుడి, రామేశ్వరం వదిలేసి తిరుచ్చి, శ్రీరంగం, తంజావూరు చూసి రావచ్చు. లేదంటే మదురై దాకా రైల్లో వెళ్లి, అక్కడ కారు మాట్లాడుకోవడం. మదురై నుంచి రామేశ్వరం 170 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. నానమ్మ మోకాళ్లకూ అదే మేలు.