ఏజెన్సీని మార్చేముందు ఫైళ్ల లెక్క

గుంటూరులో ఓ పచ్చళ్ల కంపెనీ ఉందనుకుందాం. యాడ్ ఏజెన్సీకి నెలకు లక్షన్నర రిటైనర్ ఇస్తోంది. సంక్రాంతికి వేసిన ప్రకటనలు జనానికి పట్టలేదు, అమ్మకాలు కదల్లేదు. యజమాని ఆ కోపంలోనే ‘ఇక చాలు’ అని మెయిల్ పెడితే అసలు తలనొప్పి అప్పుడే మొదలవుతుంది.

ముందు అగ్రిమెంట్ తీసి చదవాలి. నోటీసు గడువు సాధారణంగా 30 నుంచి 90 రోజులు ఉంటుంది. 60 రోజులైతే, ఆ రెండు నెలలకూ మూడు లక్షలు కట్టాల్సిందే. గడువు ఏ రోజు నుంచి లెక్కో, నోటీసు మెయిల్లో చెల్లుతుందో లేక పోస్టులోనే పంపాలో కూడా అందులోనే ఉంటుంది. ప్రచారం ఆడలేదన్నంత మాత్రాన ఒప్పందం ఉల్లంఘించినట్టు కాదు. అమ్మకాల లక్ష్యం రాతలో లేకపోతే ఆ సాకుతో ఫీజు ఆపకూడదు. ఆపితే ఫైళ్లు బిగపట్టుకోవడానికి ఏజెన్సీకి మనమే కారణం ఇచ్చినట్టు.

ఫైళ్ల జాబితా నోటీసుకు ముందే సిద్ధం చేసుకోవడం మేలు. చాలామంది దగ్గర మిగిలేది వాట్సాప్‌లో వచ్చిన జేపీజీలే. వాటిలో ధర మార్చలేం, హోర్డింగ్ సైజుకు పెంచితే మసకబారతాయి. కావాల్సింది లేయర్లు విడిగా ఉన్న ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ ఫైళ్లు, వీడియో ప్రాజెక్టు, దాని ఒరిజినల్ ఫుటేజీ.

తెలుగు ప్రకటనలకు మరో చిక్కుంది. మన డిజైనర్లలో చాలామంది ఇంకా అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ‘ఆవకాయ’ ఉన్నచోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అవుట్‌లైన్‌గా మార్చి ఇస్తే అక్షరాలు చెక్కుచెదరవు గానీ, ఆ పైన ఒక్క ఒత్తు కూడా దిద్దలేం. అందుకే రెండు రకాల ఫైళ్లూ, వాటితోపాటు యూనికోడ్‌లో మాటర్ కూడా అడగాలి.

ఫైలు చేతికొచ్చినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. రాతపూర్వక బదిలీ లేకపోతే డిజైన్ కాపీరైటు తయారుచేసిన వారి దగ్గరే ఉండిపోవచ్చు. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారత్ వరకే. అమెరికాలోని తెలుగువాళ్లకు పచ్చళ్లు పంపే కంపెనీకి ఈ చివరి మాట చాలా ముఖ్యం. మోడల్ ఫొటోలకూ సంగీతానికీ ఉన్న గడువులు వేరుగా చూసుకోవాలి.

ఫేస్‌బుక్, గూగుల్ యాడ్ ఖాతాలు ఏజెన్సీ పేరున తెరిచి ఉంటే, పాత ప్రకటనల ఫలితాలన్నీ అక్కడే ఉండిపోతాయి. నోటీసు కాలంలోనే అడ్మిన్ అధికారం రాబట్టాలి, రిపోర్టులు దించుకోవాలి. ఏజెన్సీ పేరున బుక్ చేసిన హోర్డింగులు, పత్రికల స్థలం ఏవి రద్దవుతాయో, వేటికి డబ్బు కట్టాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఒప్పందం రాసేటప్పుడే చివరి నెల బిల్లును ఫైళ్ల అప్పగింతతో ముడిపెడితే ఇద్దరికీ స్పష్టత ఉంటుంది. ఆ బిల్లు చెల్లించేముందు కొత్త డిజైనర్ తన సొంత కంప్యూటర్‌లో ప్రతి ఫైలూ తెరిచి, ఒక ధర మార్చి, మళ్లీ ప్రింటుకు పంపి చూడాలి.